"పిల్లర్ల ఇల్లే, ఏ గోడైనా తీసేయొచ్చు" అంటే నమ్మకండి: కడపలో పాత ఇల్లు కొని నేను పడ్డ పాట్లు

పాత ఇల్లు కొని గోడలు మార్చుకుందాం అనుకునేవాళ్లు అడ్వాన్సు ఇచ్చే ముందు ఇది చదవండి. మేము కొన్నది కడప టౌన్‌లో నలభై ఏళ్ల నాటి మిద్దె ఇల్లు, పైన ఒక పోర్షన్. హాలు చిన్నది, పక్క గదిలో కలిపేస్తే బాగుంటుందని అడిగితే, అమ్మినాయన వరండా చూపించి "పిల్లర్లు కనిపిస్తున్నాయి కదా సార్, పిల్లర్ల ఇల్లే, ఏ గోడైనా తీసేయొచ్చు" అన్నాడు. బ్రోకరూ అదే అన్నాడు. మేస్త్రిని అడిగితే "ఏం కాదులే అన్నా, రెండు రోజుల పని" అన్నాడు.

ఆ పిల్లర్లు వరండాకు మాత్రమే ఉన్నాయి. తర్వాత ఎప్పుడో ముందువైపు పెంచినప్పుడు వేసినవి. వెనక అసలు ఇల్లంతా గోడల మీదే నిలబడింది.

మొదటి రోజు గోడ పైభాగంలో మూడడుగుల మేర ఇటుకలు తీశారు. సాయంత్రం మా ఆమె పైకి వెళ్లి కేకేసింది. సరిగ్గా మేము తీసిన చోటికి పైనున్న గోడలో కిటికీ మూల నుంచి కిందికి ఏటవాలుగా కొత్త పగులు, అంచుల్లో సున్నం పొడి ఇంకా రాలుతూ ఉంది. పక్క తలుపు అప్పటికే గడపకు పట్టేస్తోంది. వెంటనే పని ఆపించి, సెంట్రింగ్ వాళ్ల దగ్గర జాకీలు తెచ్చి గోడకు రెండు పక్కలా పెట్టించాను. ఆ రాత్రి ఇంట్లో ఎవరినీ పడుకోనివ్వలేదు, అంత టెన్షన్.

మరుసటి రోజు స్ట్రక్చరల్ ఇంజనీరు వచ్చి చేసిన మొదటి పని, గోడ స్లాబును తాకే చోట జానెడు మేర ప్లాస్టరింగ్ కొట్టించడం. ఇటుక, దాని మీద పలచగా గచ్చు, వెంటనే స్లాబు. మధ్యలో బీము లేదు. అంటే ముందు గోడ కట్టి దాని మీదే స్లాబు పోశారు. పిల్లర్ల ఇంట్లో అయితే ముందు పిల్లర్లు, బీములు, స్లాబు లేస్తాయి, గోడ తర్వాత కడతారు. కాబట్టి బీము అడుగున చివరి వరుసలో ఇటుక ముక్కలు కుక్కి మాలు పెట్టినట్టు ఉంటుంది, చాలా ఇళ్లలో అక్కడ గీత గీసినట్టు సన్నని పగులు కూడా కనిపిస్తుంది. ఈ ఒక్క పరీక్షకు సుత్తి, ఉలి, పది నిమిషాలు చాలు. గోడ మందం చూసి తేల్చేయకండి, పిల్లర్ల ఇళ్లలోనూ బయటి గోడలు 9 అంగుళాలు కడతారు.

ఆయన బరువు లెక్క కూడా వేసి చూపించాడు. గోడకు అటూ ఇటూ పదేసి అడుగుల గదులు, రెండు వైపుల నుంచీ సగం సగం స్లాబు ఈ గోడ మీదే కూర్చుంటుంది. 4 అంగుళాల స్లాబు, పైన గచ్చు, మనుషులు, సామాను అన్నీ కలిపి చదరపు మీటరుకు సుమారు 550 కిలోలు అనుకుంటే, గోడ ప్రతి మీటరు మీద 1,650 కిలోలు పడతాయి. పైఅంతస్తు గోడ ఇంకో 1,300, దాని పైకప్పు 1,500 దాకా. అన్నీ కలిపితే మీటరుకు నాలుగున్నర టన్నులు, మా 12 అడుగుల గోడ మీద 16 టన్నులు! నేను దాన్ని వట్టి అడ్డుగోడ అనుకున్నాను.

గోడ తీసేస్తే స్లాబు పది అడుగులకు బదులు ఇరవై అడుగులు దాటాలి. దూరం రెట్టింపైతే వంచే బలం నాలుగింతలవుతుంది. పైగా గోడ మీదుగా సాగే స్లాబుకు ఆ చోట కడ్డీలు ఎక్కువగా పైభాగంలో వేస్తారు. గోడ పోయాక లాగుడు అడుగు భాగానికి వస్తుంది, అక్కడేమో ఉండాల్సినంత ఇనుము ఉండదు.

చివరికి 12 అడుగులు కాదు, 8 అడుగులే తెరిచాం. రెండు చివర్లా రెండేసి అడుగుల గోడ వదిలి, దాని మీద కాంక్రీటు దిమ్మె పోసి, ఇనుప బీములు కూర్చోబెట్టి, బీముకూ పైగోడకూ మధ్య సందును కుంచించుకుపోని గ్రౌట్‌తో నింపారు. ఆ దిమ్మె లేకపోతే బీము చివర పడే ఐదు టన్నులకు కింద ఇటుక నలిగిపోతుందట. పనంతా అయ్యేదాకా జాకీలు కదల్చలేదు. బీము సైజు మాత్రం నన్ను అడగొద్దు, అది మా ఇంటి లెక్క, మీ ఇంటికి పనికిరాదు.

మొత్తం లక్షా డెబ్బై వేలు అయింది. అమ్మినాయన ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు.

మీరు చూసే ఇంట్లో ప్లాస్టరింగ్ జానెడు కొట్టి చూస్తామని అగ్రిమెంటుకు ముందే అడగండి, మళ్లీ పూయించే ఖర్చు మీరే పెట్టుకోండి. ముందు గదిలో ఒకచోట చూసి వదిలేయకండి, మీరు తీయాలనుకునే గోడ దగ్గరే చూడండి. పైన పగులుకు రెండు చివర్లా పెన్సిల్ గీత పెట్టి తేదీ రాశాను. మాది నల్లరేగడి నేల, తడికి ఉబ్బి ఎండకు కుంగుతుంది కాబట్టి ఒక వానాకాలం, ఒక ఎండాకాలం దాటేదాకా దాన్ని పూడ్చొద్దన్నాడు ఇంజనీరు.