శంకువులో నీళ్లు: r ని ముందే తీసేయాలా, తర్వాత చూసుకుందామా?

ఇంటర్ లెక్కల్లో మార్పు రేట్ల దగ్గరికి రాగానే, అనంతపురంలో నా దగ్గర ట్యూషన్ చదివే పిల్లలు రెండు జట్లవుతారు. శంకువులో నీళ్లు పోసే లెక్కలో వ్యాసార్ధాన్ని ముందే తొలగించాలని ఒక జట్టు. "ఉండనీ సార్, చివర్లో విలువ వేసేద్దాం" అని ఇంకో జట్టు. ఏది మేలో మాటలతో తేలదు, ఒక లెక్క చేసి చూడాల్సిందే.

నూనె పోసే గరాటు ఒకటి తీసుకుందాం. కింది గొట్టాన్ని వదిలేసి, దాని నోటిని మూసేశామనుకోండి. పైన వ్యాసార్ధం 5 సెం.మీ., లోతు 15 సెం.మీ. సెకనుకు 20 ఘన సెం.మీ. చొప్పున నీళ్లు పడుతున్నాయి. లోతు 6 సెం.మీ. ఉన్న క్షణంలో నీటిమట్టం ఎంత వేగంగా పెరుగుతోంది?

ముందే తొలగించే పద్ధతిలో మొదట బొమ్మ గీయాలి. నీటి శంకువూ గరాటూ సరూప త్రిభుజాలనిస్తాయి కాబట్టి r/h = 5/15, అంటే r = h/3. దీన్ని ఘనపరిమాణంలో పెట్టాక r కనిపించదు:

```
V = (1/3)πr²h = πh³/27
dV/dt = (πh²/9)(dh/dt)
20 = 4π(dh/dt)
dh/dt = 5/π ≈ 1.59
```

మట్టం సెకనుకు సుమారు 1.59 సెం.మీ. పెరుగుతోంది. నాలుగు వరుసల్లో పని అయిపోయింది.

ఇక r ని ఉంచేసే పద్ధతి. ఇక్కడ r, h రెండూ కాలంతో మారేవే కాబట్టి లబ్ధ సూత్రం వాడాలి:

```
dV/dt = (π/3)(2rh·dr/dt + r²·dh/dt)
```

సమీకరణం ఒకటి, తెలియని రేట్లు రెండు. h = 6, r = 2 అని వేసినా dr/dt తెలియకుండా అడుగు ముందుకు పడదు. అది కావాలంటే మళ్లీ ఆ సరూప త్రిభుజాల దగ్గరికే వెళ్లి, r = h/3 నుంచి dr/dt = (1/3)dh/dt అని తెచ్చుకోవాలి. అప్పుడు బ్రాకెట్లో 8, 4 కలిసి 12 రెట్ల dh/dt వస్తుంది, జవాబు మళ్లీ 5/π. కాబట్టి ఈ దారి తప్పేమీ కాదు. r ని ముందే తొలగించకపోతే లెక్క రాదని కొందరు చెబుతారు గానీ, అది నిజం కాదు. తప్పించుకోలేనిది r, h ల మధ్య సంబంధం. దాన్ని ముందు వాడితే పని తక్కువ, అంతే.

మరి నేను పట్టుబట్టి మొదటి పద్ధతే ఎందుకు చేయిస్తానంటే, r ని ఉంచినవాళ్లలో చాలామంది లబ్ధ సూత్రం దాకా వెళ్లరు. ఆ క్షణానికి r = 2 కదా అని అవకలనానికి ముందే వేసేస్తారు. V = (4π/3)h అవుతుంది, జవాబు 15/π, అంటే 4.77. అసలు దానికి సరిగ్గా మూడు రెట్లు! r ని 2 దగ్గర ఆపేసిన మరుక్షణం మన చేతిలో ఉన్నది శంకువు కాదు, గోడలు వెడల్పవని పాత్ర. 2rh·dr/dt అనే పదం మాయమైంది, మొత్తం 12లో 8 వంతులు దానివే.

ఈ తప్పు పట్టుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. కొత్తగా పడిన నీళ్లు పాత నీటి మీద పలుచటి పొరలా చేరతాయి. కాబట్టి మట్టం పెరిగే వేగం అంటే పోసే రేటును ఆ క్షణపు నీటి ఉపరితల వైశాల్యంతో భాగించడమే. ఇక్కడ వైశాల్యం 4π, 20/4π = 5/π. పరీక్షలో జవాబు సరిచూసుకోవడానికి ఇది అర నిమిషం పని. కానీ మార్కులు మెట్లకు కాబట్టి, దీన్నొక్కదాన్నే రాసి వచ్చేయొద్దంటాను.

గరాటులో నీళ్లు పడేటప్పుడు గమనిస్తే కూడా ఈ h² తెలుస్తుంది. పై రేటుకే మొదటి 6 సెం.మీ. నిండడానికి 1.3 సెకన్లు కూడా పట్టదు. చివరి 3 సెం.మీ.కు, అంటే 12 నుంచి 15 దాకా, దాదాపు 9.6 సెకన్లు. 12 సెం.మీ. దగ్గర వేగం 0.40కి పడిపోతుంది. లోతు రెట్టింపు, వేగం నాలుగో వంతు. r ని తొలగించాక ఈ సంగతి సూత్రంలోనే చదువుకోవచ్చు. r, dr/dt కలగలిసి ఉన్న వరుసలో అది కళ్లకు కనపడదు.

అయితే తొలగించాల్సింది ఎప్పుడూ r నే అనుకోకూడదు. నీటి ఉపరితల వ్యాసార్ధం ఎంత వేగంగా పెరుగుతోందని అడిగితే h = 3r అని పెట్టి h ని తొలగించాలి. అప్పుడు V = πr³. ఇదే శంకువును మొన పైకి పెట్టి నింపితే r = h/3 చెల్లదు, r = 5 − h/3 అవుతుంది. అక్కడ V కూడా πh³/27 కాదు, మొత్తం శంకువులోంచి పైన ఖాళీగా ఉన్న చిన్న శంకువును తీసేయాలి. మట్టం పైకెళ్లే కొద్దీ వేగం తగ్గదు, పెరుగుతుంది.