మార్చి 31 స్టాక్ రిపోర్టు జూలైలో మారిపోయింది: చాలాకాలం వాడాక ఈ స్టాక్ యాప్ మీద నా రివ్యూ

యాప్ పేరు చెప్పను, చాలా యాప్‌లలో ఇదే గోల ఉందని ఇంకో ఇద్దరు సెల్లర్లు చెప్పారు కాబట్టి ఒక్కదాన్నే ఆడిపోసుకోవడం న్యాయం కాదు. బిల్లింగు, లేబుల్ ప్రింటు, మార్కెట్‌ప్లేస్ సింకు ఇవన్నీ అందరికీ తెలిసినవే, బాగానే పనిచేస్తాయి. నా కోపమంతా ఒక్క రిపోర్టు మీద, అదే "ఫలానా తేదీ నాటికి స్టాక్" అనేది. మార్చి 31 అని తేదీ ఇచ్చి ఆ రాత్రే తీస్తే ఒక సంఖ్య, ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్ ఫైల్ చేసే టైముకి జూలైలో అదే తేదీ ఇచ్చి తీస్తే ఇంకో సంఖ్య. తేదీ నాటి స్టాక్ అంటే ఆ తేదీకి ఆగిపోవాలి కదా.

ముందు మెచ్చుకోవాల్సింది చెప్తా. కౌంట్ చేసేటప్పుడు సిస్టమ్‌లో ఎన్ని ఉన్నాయో కనపడకుండా దాచే ఆప్షన్ ఉంది ఇందులో, నిజంగా బంగారం లాంటిది. మా ఆయన ర్యాకుల దగ్గర లెక్కపెడతారు, నేను పక్క గదిలో ప్యాకింగ్ చేసుకుంటా. స్క్రీన్ మీద 38 అని ముందే కనిపిస్తే 37 లెక్కొచ్చినా 38 అని కొట్టేయడం మనిషి సహజం, దాచేస్తే ఆ ఛాన్సే లేదు. ఫోన్ కెమెరాతో బార్‌కోడ్ స్కాన్ చేసుకుంటూ పోవడమే. పోయినసారి ఎవరో అడిగితే ఈ ఒక్క ఫీచర్ కోసమైనా తీసుకోండి అని చెప్పాను కూడా. (ఇప్పుడైతే కొంచెం ఆలోచించి చెప్తా. సూరత్ నుంచి వచ్చే కొన్ని కుర్తీలకి ఎల్, ఎక్స్ఎల్ రెండిటికీ ఒకే బార్‌కోడ్ అంటించి పంపుతారు, మొత్తం సరిపోతుంది గానీ సైజుల లెక్క గల్లంతవుతుంది. మన సొంత లేబుల్ వేసుకుంటేనే ఈ స్కానింగ్ పనికొస్తుంది.)

ఇంక అసలు కథ. కాటన్ కుర్తీ ఒక్కటే తీసుకుని చెప్తా, అన్ని ఐటెములూ చెప్తే తల తిరుగుద్ది.

మార్చి 31 రాత్రి ప్యాకింగ్ అయ్యాక రిపోర్టు తీశా, ఈ కుర్తీ 52 అని వచ్చింది. ఆ రాత్రే కూర్చుని లెక్కపెట్టే ఓపిక ఎవరికుంటుంది, అలా పెట్టాల్సిన పని కూడా లేదు. ఏప్రిల్ 2న లెక్కపెట్టి వెనక్కి నడిపించాం. ర్యాకులో దొరికినవి 49. 31 తర్వాత పంపినవి 6, అవి కలపాలి. 31 తర్వాత కొరియర్ వాడు వెనక్కి తెచ్చిచ్చినవి 3, అవి తీసేయాలి. కొత్తగా కొన్న సరుకేమీ రాలేదు, వస్తే అదీ తీసేయాలి. 49కి 6 కలిపి 3 తీస్తే 52. రిపోర్టుతో చక్కగా సరిపోయింది, ఆ రోజు ఈ యాప్‌కి ఐదు స్టార్లు ఇచ్చేదాన్నే.

జూలైలో ఆడిటర్ గారు స్టాక్ వివరాలు అడిగితే వాళ్ళ ఆఫీసులో అబ్బాయికి లాగిన్ ఇచ్చాను, అతను అదే రిపోర్టు మార్చి 31 తేదీతో డౌన్‌లోడ్ చేసుకున్నాడు. రెండ్రోజులకి ఆడిటర్ గారి ఫోను. "ఏమ్మా, జీఎస్టీ రిటర్న్‌లో మార్చి సేల్స్ ఒకటుంది, మీ యాప్‌లో మార్చి సేల్స్ ఇంకోటుంది, తేడా చూస్తే సరిగ్గా కుర్తీ రేటుకి గుణిజంగా వస్తోంది, ఏం జరిగింది?"

ఈ కుర్తీ రేటు 525, అందులో 5 శాతం జీఎస్టీ తీసేస్తే 500. ఈ ఐటెం మీద తేడా 4000, అంటే 8 కుర్తీలు. స్టాక్ చూస్తే 52 ఉండాల్సింది 60 అయి కూర్చుంది. అదే 8. ఆ ఎనిమిదీ ఎక్కడివో పట్టుకోడానికి నాకు ఆర్డర్ ఐడీలు ఒక్కోటి తీసి చూడాల్సొచ్చింది.

జరిగిందేంటంటే, ఆ ఎనిమిదీ మార్చి చివర్లో పంపిన క్యాష్ ఆన్ డెలివరీ పార్శిళ్ళు. కస్టమర్లు తీసుకోలేదు, ఏప్రిల్‌లో ఒక్కోటీ వెనక్కొచ్చాయి (2వ తారీఖు లోపే వచ్చిన ఆ మూడూ వీటిలోవే). 31 రాత్రికి అవి నా ర్యాకులో లేవు, కస్టమర్ చేతిలోనూ లేవు, ఏదో హబ్‌లో లారీలో ఉన్నాయి. వెనక్కొచ్చాక మార్కెట్‌ప్లేస్ వాటిని "క్యాన్సిల్డ్" అని మార్చింది, యాప్ దాన్ని సింక్ చేసుకుంది. సింక్ చేసుకుని, సరుకు తిరిగొచ్చిన ఏప్రిల్ తేదీన స్టాక్ పెంచాల్సింది పోయి, మార్చి నాటి బిల్లునే చెరిపేసింది. బిల్లు పోతే మార్చి సేల్ పోయింది, సరుకు అసలు బయటికి వెళ్ళనట్టే అయిపోయింది. ఎక్కడా ఒక్క మెసేజ్ లేదు, ఎర్ర గుర్తు లేదు.

ఇక్కడ నిజాయితీగా ఒక మాట చెప్పాలి, 60 అనేది పూర్తిగా తప్పని కూడా అనలేం. డెలివరీ కాని సరుకు బాధ్యత ఇంకా మనదే కదా, దాన్ని సేల్‌గా చూపకుండా దారిలో ఉన్న స్టాక్‌గా చూపే పద్ధతీ ఉంది. కాకపోతే అలా చేస్తే జీఎస్టీలో చూపిన అమ్మకానికీ పుస్తకాల్లో అమ్మకానికీ తేడా ఎందుకొచ్చిందో ఒక కాగితం రాసి పెట్టుకోవాలి. మా ఆడిటర్ గారు మాలాంటి చిన్నవాళ్ళకి బిల్లు ప్రకారమే పోతారు. మార్చిలో బిల్లయింది, మార్చి జీఎస్టీఆర్-1లో వెళ్ళిపోయింది కాబట్టి అది మార్చి సేలే, ఏప్రిల్‌లో వెనక్కొస్తే క్రెడిట్ నోట్ ఏప్రిల్‌ది. ఏ పద్ధతైనా పర్లేదు, ఒక కుర్తీ అయితే సేల్‌లో ఉండాలి లేదంటే స్టాక్‌లో ఉండాలి అంటారాయన. సేల్స్ జీఎస్టీ నుంచి తీసుకుని, స్టాక్ జూలై రిపోర్టు నుంచి తీసుకుంటే మాత్రం ఆ ఎనిమిదీ రెండు చోట్లా ఉంటాయి, అప్పుడు ఎనిమిదింటి ఖరీదు మనకు రాని లాభంగా మారి దానిమీద పన్ను కడతాం. ఆఫీసు అబ్బాయి డ్రాఫ్ట్‌లో జరిగింది అదే, ఆడిటర్ గారు రెండు సేల్సూ పక్కపక్కన పెట్టి చూశారు కాబట్టి దొరికింది. మీరూ చూసుకోవాలంటే ఇదే తేలిక దారి, మార్చి సేల్స్ జీఎస్టీ రిటర్న్‌లో ఎంత, ఈరోజు యాప్‌లో ఎంత అని.

కస్టమర్ కేర్‌కి రాస్తే క్యాన్సిల్ అయిన ఆర్డర్ స్టాక్ మీద ప్రభావం చూపదు సార్ అని జవాబు (నేను సార్‌ని కాదు, సరే). పాత నెలల లెక్కలు మారకుండా ఆపే పీరియడ్ లాక్ ఉంది వాడుకోండి అన్నారు. పెట్టి చూశా, అది మనం చేత్తో చేసే మార్పుల్నే ఆపుతుంది, సింక్ నుంచి వచ్చేదాన్ని ఆపదు. తలుపుకి తాళం వేసి కిటికీ తెరిచి పెట్టినట్టు.

విలువ కట్టే దగ్గర కూడా ఈ యాప్‌ని నమ్ముకోవద్దు. అది చేసేదల్లా ఐటెంలో చివరిసారి పడిన కొనుగోలు రేటుని ఎన్ని ఉన్నాయో దాంతో గుణించడం. నేను ఆ ఏడు ఈ కుర్తీ రెండుసార్లు తెప్పించా, అంతకుముందు మిగిలిందేం లేదు. మొదట 100, ఒక్కోటి 240. తర్వాత 150, ఒక్కోటి 270. రెండుసార్లూ ట్రాన్స్‌పోర్ట్ పీసుకి 10 పడింది. సరుకు మన దగ్గరికి చేరడానికైన ఖర్చు ఖరీదులో కలపాలి, కస్టమర్‌కి పంపే కొరియరు, కమిషను కలపకూడదు. జీఎస్టీ నేను క్రెడిట్ తీసుకుంటా కాబట్టి నా పుస్తకాల్లో ఖరీదులోకి రాదు, కాంపోజిషన్ వాళ్ళకైతే క్రెడిట్ ఉండదు కాబట్టి అదీ ఖరీదే. అలా 100 పీసులు 250 లెక్కన, 150 పీసులు 280 లెక్కన మొత్తం 67,000, 250తో భాగిస్తే సగటు 268. యాప్ మాత్రం 270 చూపిస్తుంది. రేట్లు పెరగడం, ట్రాన్స్‌పోర్ట్ వదిలేయడం ఒకదాన్నొకటి మింగేసుకుని దగ్గరకొచ్చింది అంతే, రేటు పడిపోయిన ఏడాది ఇలా కలిసిరాదు.

ఆ 52లో నాలుగు మరకలు పడ్డవి, రిటర్న్‌లో వచ్చినవి. స్కానర్‌కి మరక కనపడదు, మంచివాటితో పాటే లెక్కేసింది. ఖరీదు, అమ్మితే చేతికొచ్చేది, రెండిట్లో ఏది తక్కువైతే దానికే విలువ కట్టాలి. క్లియరెన్స్‌లో టాక్స్ పోను 200కి అమ్ముడుపోతాయి, అందులో కమిషను, కొరియరు కలిపి 120 పోతే మిగిలేది 80. కాబట్టి 48 పీసులు 268 చొప్పున, 4 పీసులు 80 చొప్పున, మొత్తం 13,184.

యాప్‌లో ఇలా తగ్గించే దారి లేదు, "రైట్ ఆఫ్" అనే బటన్ ఒక్కటే ఉంది. అది నొక్కితే సరుకు పుస్తకాల్లోంచి పోయినట్టు. జీఎస్టీ చట్టంలో 17(5)(హెచ్) అని ఉంది, పోయిన, నాశనమైన, రైట్ ఆఫ్ చేసిన సరుకు మీద తీసుకున్న క్రెడిట్ వెనక్కి ఇవ్వాలి. విలువ తగ్గించి స్టాక్‌లోనే ఉంచి తర్వాత అమ్ముకుంటే ఆ బాధ లేదు. నాలుగు కుర్తీలకి 270 మీద 5 శాతం అంటే 54 రూపాయలే, కానీ వర్షంలో తడిసిన బేలు ఉన్నవాళ్ళకి అది చిన్నది కాదు. నేను "సెకండ్స్" అని వేరే ఐటెం పెట్టి, 80 కొనుగోలు రేటు వేసి, మరకలవన్నీ అందులోకి మార్చేశా. యాప్ తెలీకుండానే సరిగ్గా లెక్కేస్తోంది ఇప్పుడు.

మారిపోవాలా వద్దా అంటే, నేనైతే ఇంకా వాడుతున్నా. ఫోటోలు, లేబుళ్ళు, పాత బిల్లులు అన్నీ అందులో ఉన్నాయి, కౌంట్ మోడ్ వదులుకోబుద్ధి కాదు. 31 రాత్రి మాత్రం స్టాక్ రిపోర్టు, సేల్స్ రిపోర్టు, పంపించి ఇంకా డెలివరీ కాని ఆర్డర్ల లిస్టు, మూడూ డౌన్‌లోడ్ చేసి ఆడిటర్ గారికి అప్పటికప్పుడే మెయిల్ కొట్టేస్తా, జూలైలో ఎవరికీ లాగిన్ ఇవ్వను. మార్కెట్‌ప్లేస్ గోడౌన్‌లో సరుకు పెట్టేవాళ్ళు అక్కడి స్టాక్ లెడ్జర్ కూడా అదే రోజు తీసుకోవాలి, ఆ సరుకూ మనదే. క్యాష్ ఆన్ డెలివరీ ఆపేసి ప్రీపెయిడ్ మాత్రమే అమ్మేవాళ్ళకి వెనక్కొచ్చే పార్శిళ్ళు తక్కువ కాబట్టి ఈ గొడవ అంతగా తగలకపోవచ్చు. అంచనా పద్ధతిలో టర్నోవర్ మీద శాతం లాభం చూపేవాళ్ళకి కూడా స్టాక్ మారినా పన్ను మారదు, ఐటీఆర్-4లో స్టాక్ విలువ గడి నింపడం మాత్రం తప్పదు. నాలాగా సగానికి పైగా క్యాష్ ఆన్ డెలివరీ ఉండి, పూర్తి లెక్కలు రాసేవాళ్ళయితే కొనేముందు ట్రయల్‌లో ఒక పాత ఆర్డర్ క్యాన్సిల్ చేసి, పోయిన నెలాఖరు స్టాక్ కదులుతుందేమో చూసుకోండి. కదిలితే ధర అడిగే పనే లేదు.