నవంబర్ దాటి పెన్షన్ ఆగితే: బ్యాంకు కాగితమా, ఫోన్‌లో ముఖమా?

కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు తాము బతికే ఉన్నట్టు చూపే లైఫ్ సర్టిఫికెట్ నవంబర్ 30 లోపు ఇవ్వకపోతే డిసెంబర్ నుంచి పెన్షన్ ఆగుతుంది. ఆగడమే తప్ప రద్దవదు. జనవరిలో ఇచ్చినా, అది బ్యాంకు రికార్డుకెక్కాక డిసెంబర్ బకాయితో కలిపి వేస్తారు.

ఫోన్‌లో జీవన్ ప్రమాణ్ యాప్‌తో ముఖం చూపిస్తే ఇంట్లోనే పని అయిపోతుంది, నడవలేనివాళ్లకు ఇదే హాయి. కానీ సర్టిఫికెట్ తయారైనట్టు ప్రమాణ్ ఐడీ అనే నంబరు రాగానే అయిపోయిందనుకుంటారు చాలామంది, అక్కడే చిక్కు. పీపీఓ నంబరో, ఖాతా నంబరో, పెన్షన్ ఇచ్చే బ్యాంకు పేరో తప్పు పడితే ఐడీ వచ్చినా బ్యాంకు తిరస్కరిస్తుంది. అందుకే కొన్ని రోజులాగి జీవన్ ప్రమాణ్ పోర్టల్‌లో స్టేటస్ చూడాలి, తిరస్కరిస్తే సరైన వివరాలతో మళ్లీ కొత్తది చేయాలి. మళ్లీ ఉద్యోగంలో చేరినవాళ్లకు, మళ్లీ పెళ్లి చేసుకున్నవాళ్లకు ఈ దారి లేదు, కాగితమే.

కాగితానికి మీ పెన్షన్ బ్యాంకు ఏ బ్రాంచికైనా వెళ్లొచ్చు. సంతకం చేసిన రసీదు మాత్రం అడిగి తీసుకోండి, ఎందుకంటే ఫారం సొరుగులో ఉండిపోయి కంప్యూటర్‌లో ఎక్కకపోతే మీ చేతిలో ఉండే ఆధారం అదొక్కటే. నా మటుకు, ఇప్పటికే పెన్షన్ ఆగిపోయి ఉంటే, వెళ్లగలిగినవాళ్లు బ్రాంచికే వెళ్లి, కౌంటర్ దగ్గరే ఎంట్రీ చేయించుకోవడం మేలు.