పడుకునే ముందు నూనె, లాల: ఏడాదికి పైగా చేశాక

మా పాపకి ఇప్పుడు 15 నెలలు. మొదట్లో అమ్మ పొద్దున్నే కాళ్ళ మీద వేసుకుని లాల పోసేది. రాత్రి నిద్ర పడుతుందన్న ఆశతో దాన్ని సాయంత్రానికి మార్చింది నేను.

మొదటి మూడు నెలలు ఏ ఉపయోగమూ కనబడలేదు. లాల పోయగానే పడుకునేది, పదింటికి తెల్లారినట్టే లేచేది. పసివాళ్ళ ఒంటికి రాత్రికీ పగలుకీ తేడా తెలియడానికే రెండు మూడు నెలలు పడుతుందని డాక్టరుగారు చెప్పాక నూనె మీద కోపం తగ్గింది.

నాలుగో నెలలో చేసిన తప్పు, లాల పోసి నేరుగా మంచం మీద వేయడం. ఒళ్ళంతా ఎర్రగా, కళ్ళు విప్పార్చుకుని ఆటలు! వెచ్చటి నీళ్ళకి చర్మం దగ్గర రక్తనాళాలు విప్పారతాయి. ఆ తర్వాత అరచేతులు, పాదాల గుండా వేడి బయటికి పోయి, లోపలి వేడి కాస్త దిగుతుంది. నిద్ర వచ్చేది అప్పుడు. దానికి కొంత వ్యవధి ఇవ్వాలి. పైగా అమ్మ చేతికి గోరువెచ్చన అంటే పాపకి వేడే. మోచేత్తో చూస్తే వేడీ చల్లనా తెలియనట్టుండాలి, సుమారు 37 డిగ్రీలు.

అప్పటినుంచి మా పద్ధతి ఇది. పాలు తాగి ముప్పావుగంట అయ్యాక, ఏడింటికి ఒక చెంచా కొబ్బరి నూనె. గిన్నెను వేడినీళ్ళలో పెట్టి, అరచేతుల మధ్య రుద్దుకుని, తొడల నుంచి పాదాల దాకా నెమ్మదిగా. పొట్ట మీద గడియారం ముల్లు తిరిగే వైపే. పది నిమిషాలు చాలు. కాళ్ళు ముడుచుకుని మొహం తిప్పేసుకుందా, ఆపేస్తాను. కళ్ళు నలుపుకునే దాకా ఆగితే మాత్రం మర్దన మొదలెట్టగానే ఏడుపే. తర్వాత ఐదు నిమిషాలు నీళ్ళు. నూనె ఒంటితో చేతిలోంచి జారిపోతుంది, ఒకసారి గుండె ఆగినంత పనైంది. ఇప్పుడు ఒక చెయ్యి ఎప్పుడూ చంక కింద ఉంటుంది. ఏడున్నరకి లైటు తగ్గించి పాలు, ఎనిమిదింటికి పక్క.

ఫలితం? రెండు వారాలు క్యాలెండరు మీద రాసుకున్నాను. ఇదివరకు నిద్రపుచ్చడానికి ముప్పావుగంట పట్టేది, ఇప్పుడు ఇరవై నిమిషాలు. రాత్రి లేవడం మాత్రం తగ్గలేదు. రెండుసార్లు లేచేది రెండుసార్లే లేచింది. పళ్ళు వచ్చిన వారం అంతా వృథా.

ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేయడం మాన్పించాను. అమ్మ మూడు రోజులు మాట్లాడలేదు. సాంబ్రాణి పొగకి పాప తుమ్ములతో ఉక్కిరిబిక్కిరైంది, అదీ మానేశాం.

విజయవాడ ఎండల్లో రాత్రి నూనె రాస్తే మెడ కింద చెమటకాయలు లేచాయి. ఏప్రిల్, మేలో ఒట్టి నీళ్ళే పోశాను. నిద్ర పట్టడానికి అదే ఇరవై నిమిషాలు పట్టింది.