రెండేళ్లుగా స్కెలిటన్ లోడర్లు వాడుతున్నా, దెబ్బ తిన్నది మాత్రం ఎత్తు దగ్గరే

పేజీ లోడయ్యేదాకా గుండ్రంగా తిరిగే స్పిన్నర్ తీసేసి, కంటెంట్ రాబోయే చోట బూడిదరంగు పట్టీలు చూపించే స్కెలిటన్ పెట్టి రెండేళ్లు దాటింది. మొదట్లో కనిపించిన ప్రతివాళ్లకీ ఇదే పెట్టుకోమని చెప్పా, ఆ బూడిదరంగు పట్టీలు మెరుస్తుంటే పేజీ తొందరగా వస్తున్నట్టే అనిపించేది మరి. ఇప్పుడూ వద్దనను గానీ, పట్టీల ఎత్తు అసలు కంటెంట్‌తో కలవకపోతే మాత్రం స్పిన్నరే నయం.

ఎందుకంటే నా యాప్‌లో నా నోటు నేనే డిలీట్ చేసుకున్నా. పైన ప్రొఫైల్ కార్డు, కింద నోట్స్ లిస్టు. లిస్టు ముందే వచ్చేసింది, కార్డు ఇంకా స్కెలిటన్‌లోనే ఉంది, మూడో నోటు పక్కన డిలీట్ గుర్తు నొక్కబోతే వేలు ఆనేలోపు కార్డు నిండి లిస్టంతా ఒక వరస కిందికి జారింది, రెండో నోటు పోయింది. అన్‌డూ పెట్టకపోవడం నా తప్పే లెండి.

కూర్చుని కొలిచా. 12 పిక్సెళ్ల పట్టీలు రెండు, మధ్యలో 8, మొత్తం 32. డిజైన్‌లో అక్షరం అంతే కనిపించింది కాబట్టి పట్టీ 12 పెట్టా, కానీ ఒక లైను తినేది 24. పైగా పరిచయం తెలుగులో రెండు లైన్లయింది, అంటే పేరు, మధ్యలో 8 కలిపి 80. తేడా 48, సరిగ్గా లిస్టులో ఒక వరస ఎత్తు! విచిత్రం ఏంటంటే పేజీలో ఎంత జరిగిందో కొలిచే సీఎల్ఎస్ స్కోరు చూస్తే పచ్చగానే ఉంది. 800 పిక్సెళ్ల స్క్రీన్ మీద 48 జరిగితే స్కోరు 0.06 దాటదు, 0.1 లోపు ఉంటే బాగున్నట్టే లెక్క. నోటు పోయిందని ఆ నంబరుకేం తెలుసు.

తర్వాత స్కెలిటన్‌కి వేరే ఎత్తులు రాయడం మానేసి, అసలు టెక్స్ట్‌కున్న క్లాసే దానికీ ఇచ్చి ఇలా మార్చా:

```css
.bio { line-height: 1.5; height: 2lh; overflow: hidden; }
```

`2lh` అంటే రెండు లైన్ల ఎత్తు, కాబట్టి ఒక లైనొచ్చినా రెండొచ్చినా కార్డు కదలదు. `line-height` అంకెలో ఇవ్వడం మర్చిపోవద్దు, `normal` వదిలేస్తే `lh` మొదటి ఫాంట్‌ని బట్టి లెక్క కడుతుంది, తెలుగు అక్షరాలు వేరే ఫాంట్ నుంచి వస్తే లైను అంతకంటే పెరిగి రెండో లైను అడుగు తెగిపోతుంది. నాకు ఒక సాయంత్రం దీనికే పోయింది.

క్రోమ్ డెవ్‌టూల్స్‌లో Rendering కింద Layout Shift Regions ఆన్ చేసి, నెట్‌వర్క్ నెమ్మది చేసి చూడండి, జరిగిన చోటల్లా రంగు మెరుస్తుంది. లోకల్‌లో డేటా రెప్పపాటులో వచ్చేస్తుంది కాబట్టే నాకు అన్నాళ్లూ కనపడలేదు.

నా కార్డుకి రెండు లైన్లు చాలు, మూడోది కట్ అయినా ఎవరూ అడగలేదు, అందుకే కుదిరింది. కామెంట్లకి మాత్రం ఇది పెట్టలేదు, ఎవరెంత రాస్తారో ముందే ఎలా తెలుస్తుంది, అక్కడ ఇప్పటికీ స్పిన్నరే తిరుగుతోంది, అదీ లిస్టు అడుగున, కింద జారడానికి ఇంకేం లేని చోట.