శనగకు ముందు ఏది మేలు: ఖాళీ దుక్కా, పెసరా, వ్యామ్ పొడా?

నాగులుప్పలపాడు వైపు నల్లరేగడిలో శనగ కోశాక చేను మళ్లీ అక్టోబరు దాకా ఖాళీ. గడ్డి మొలిచినప్పుడల్లా దున్నుతారు. తర్వాత ఎకరాకు బస్తా డీఏపీ వేసి శనగ విత్తుతారు. మొక్క గిడసబారితే ఇంకో అరబస్తా కావాలనుకుంటారు. లోటు భాస్వరానిదేనా, దాన్ని వేరుకు చేర్చే మైకోరైజా శిలీంధ్రానిదా? వ్యామ్ పొడిగా అమ్మేది ఈ శిలీంధ్రాన్నే.

భాస్వరం నత్రజనిలా నీటితో కదిలిరాదు. వేరు తన చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్లలో ఉన్నది తీసుకుంటే అక్కడితో సరి. వేరులో కాపురముండే ఈ శిలీంధ్రం సన్నని పోగులను కొన్ని సెంటీమీటర్ల దూరం చాచి అక్కడి భాస్వరాన్ని, జింకునూ తెస్తుంది. బదులుగా మొక్క దానికి చక్కెరలు, కొవ్వులు ఇస్తుంది. బతికున్న వేరు లేనిదే అది పెరగదు. దున్నితే పోగులు తెగుతాయి, ఖాళీ నేలలో సిద్ధబీజాలూ తగ్గుతూ పోతాయి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ నల్లరేగడుల్లో ఏడాదికి పైగా ఖాళీగా ఉంచిన పొలాల్లో పైర్లు ఇలాగే భాస్వరం, జింకు లోటుతో గిడసబారాయి. మన ఖాళీ అంతకన్నా తక్కువ కాబట్టి నష్టమూ తక్కువే, కానీ దారి అదే.

అందుకే మా ఓటు పెసరకు. జులై వానలకు ఎకరాకు 6 నుంచి 8 కిలోలు విత్తితే 65 రోజుల్లో కోతకొస్తుంది. మొక్కలు పీకకండి, కొడవలితో కోయండి. శిలీంధ్రం ఉన్నది వేళ్లలోనే. తర్వాత పైపైన ఒక్క దుక్కి చాలు. సెప్టెంబరు మధ్యకల్లా చేను ఖాళీ కాకపోతే మాత్రం శనగకు దక్కాల్సిన తేమను పెసర తాగేస్తుంది. వాన ఆలస్యమై విత్తడం ఆగస్టుకు జారితే ఆ ఏడు వదిలేయడమే మంచిది. పెసర బదులు ఆవాలు వేస్తే ఈ లాభం రాదు, ఆ జాతి వేళ్లలో ఈ శిలీంధ్రం చేరదు.

డీఏపీ మానమని కాదు. శిలీంధ్రం భాస్వరాన్ని పుట్టించదు, ఉన్నదాన్ని తెస్తుందంతే. శనగకు ఎకరాకు కావలసిన భాస్వరం 20 కిలోలు, అంటే డీఏపీ సుమారు 44 కిలోలు. భూసార కార్డులో భాస్వరం ‘ఎక్కువ’ అని ఉంటే 30 శాతం తగ్గించవచ్చు. భాస్వరం దండిగా దొరికితే మొక్కే శిలీంధ్రాన్ని దూరం పెడుతుంది. ఎండుతెగులుకు విత్తనశుద్ధిలో కార్బెండజిమ్ ఈ శిలీంధ్రానికీ హాని చేయగలదు. తెగులు ఒత్తిడి తక్కువున్న చేలో కిలో విత్తనానికి 10 గ్రాముల ట్రైకోడెర్మా వాడి చూడవచ్చు.

ఇక వ్యామ్ పొడి. ఎకరమంతా చల్లితే ఎక్కువ భాగం వేళ్లకు అందదు, పైగా దుకాణంలో ఎండకు మాడిన పొడిలో ప్రాణం ఉండకపోవచ్చు. అది పనికొచ్చేది నారుమడిలో, సంచుల్లో. మిరప నారుకైనా, గూడూరు వైపు నిమ్మ మొక్కలకైనా లేతవేరు తగిలేచోటే వేయాలి. పనిచేసిందో లేదో కంటితో చూడలేం. శనగ వేళ్లపై కనిపించే బుడిపెలు వేరే, అవి రైజోబియం బాక్టీరియావి. పెసర వేసిన పట్టీ, వేయని పట్టీ పక్కపక్కనే ఉంచి, ఒకే మోతాదు డీఏపీతో శనగ విత్తి, ముప్పయ్యో రోజున రెండింటి ఎత్తు, కొమ్మలు పోల్చండి.