పేమెంట్ షెడ్యూల్: తేదీల పట్టికా, షరతుల పట్టికా, ఏది మేలు?

నిర్మాణ కాంట్రాక్ట్ సంతకమయ్యాక అకౌంటెంట్ అడిగేది ఒక్కటే: ఎప్పుడు ఎంత కట్టాలి? జవాబు రెండు రకాలుగా ఇవ్వొచ్చు. కాంట్రాక్ట్ చివర ఉండే చెల్లింపు దశల పట్టికను దించుకుని, పని ప్రణాళికలోని తేదీలు పక్కన వేసి ఇవ్వడం ఒకటి. ప్రతి దశకూ డబ్బు ఏ షరతు తీరితే కట్టాలో, ఆ షరతు ఏ క్లాజులో ఉందో వెతికి రాయడం రెండోది. మొదటిది గంట పని. రెండోదానికి రెండు మూడు రోజులు పడుతుంది, కాంట్రాక్ట్ మొత్తం చదవాలి మరి.

ఒక్క దశ తీసుకుని చూద్దాం. కాంట్రాక్ట్ విలువ 400 లక్షలు, షరతులు 1999 నాటి ఫిడిక్ రెడ్ బుక్ అనే అంతర్జాతీయ నమూనా కాంట్రాక్ట్‌వి అనుకుందాం. చివరి పట్టికలో "మొదటి అంతస్తు స్లాబ్ పూర్తి: 15 శాతం" అని ఉంది. ప్రణాళిక ప్రకారం స్లాబ్ పోసేది మార్చి 10న. తేదీల పట్టిక వేసేవారు అలవాటు కొద్దీ ముప్పై రోజులు కలిపి, ఏప్రిల్ 9న 60 లక్షలు అని రాసేస్తారు.

ఇప్పుడు ప్రత్యేక షరతులు తెరవండి. 28 రోజులకు కాంక్రీటు బలం చూసే క్యూబ్ టెస్ట్ ఫలితం వచ్చి సరిపోతేనే స్లాబ్ పూర్తయినట్టు అని అక్కడ రాసి ఉంది. రెడ్ బుక్‌లో పత్రాల ప్రాధాన్య క్రమం చెప్పేది 1.5 క్లాజు. ఆ వరుసలో ప్రత్యేక షరతులు పైన ఉంటాయి, మన దశల పట్టిక లాంటి షెడ్యూళ్లు అట్టడుగున ఉంటాయి. అంటే మనం ముందుగా కాపీ కొట్టే పట్టికే అన్నిటికన్నా బలహీనమైన పత్రం! రెండూ పొసగకపోతే షరతు మాటే నెగ్గుతుంది.

కాబట్టి ఫలితం వచ్చేది ఏప్రిల్ 7న. కాంట్రాక్టరు ఇంజినీరుకు బిల్లు స్టేట్‌మెంట్, ఆధారాలు ఇచ్చింది ఏప్రిల్ 10న అనుకుంటే, ఇంజినీరు 28 రోజుల్లో, అంటే మే 8 లోపు, చెల్లింపు సర్టిఫికెట్ ఇవ్వాలి. డబ్బు గడువు సర్టిఫికెట్ నుంచి లెక్కపెట్టకూడదు. 14.7 ప్రకారం ఇంజినీరుకు స్టేట్‌మెంట్ అందిన రోజు నుంచే 56 రోజులు, అంటే జూన్ 5. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. షరతుల పట్టికలో ఈ గడి ఇలా ఉంటుంది, `F7` స్టేట్‌మెంట్ అందిన తేదీ:

```
=IF(F7="","",F7+56)
```

స్టేట్‌మెంట్ రాకపోతే గడి ఖాళీగానే ఉంటుంది. అలా ఉండటమే మంచిది. తేదీ కనబడితే ఎవరో ఒకరు చెల్లింపు సిద్ధం చేసేస్తారు.

మొత్తం కూడా 60 కాదు. లోపాలకు పూచీగా బిల్లులో పట్టి ఉంచే రిటెన్షన్ 5 శాతం, ముందుగా ఇచ్చిన అడ్వాన్స్ రికవరీ బిల్లులో 10 శాతం అయితే 3, 6 లక్షలు పోయి చేతికిచ్చేది 51 లక్షలు. పట్టుకున్న రిటెన్షన్ చివరికి 20 లక్షలవుతుంది. కట్టడాన్ని యజమాని స్వీకరించినట్టు చెప్పే టేకింగ్ ఓవర్ సర్టిఫికెట్ వచ్చాక సగం, లోపాల గడువు ముగిశాక మిగతా సగం వదలాలి. ఈ రెండు చెల్లింపులు దశల పట్టికలో సాధారణంగా ఉండవు, 14.9 చదివినవారికే దొరుకుతాయి.

అడ్వాన్స్ దగ్గర ఇంకో మెలిక ఉంది. పట్టికలో దశల శాతాలు కూడండి. అడ్వాన్స్ 10 శాతం కాకుండా మిగతావే 100 అయితే అది అప్పులాంటిది, బిల్లుల్లోంచి తిరిగి రావాలి. అడ్వాన్స్‌తో కలిపి 100 అయితే అది కూడా ఒక దశే, రికవరీ ఉండకూడదు. ఆ రెండో రకం పట్టికతో పాటు రికవరీ క్లాజు కూడా ఉంటే కాంట్రాక్టరుకు 40 లక్షలు తక్కువ పడతాయి. అలాంటిది కనబడితే మీరే తేల్చేయకండి, కాంట్రాక్ట్ చూసేవారిని రాతపూర్వకంగా అడగండి.

అంతమాత్రాన తేదీల పట్టిక పనికిరానిదేం కాదు. వచ్చే మూడు నెలల్లో బ్యాంకులో ఎంత ఉంచాలి అని అడిగితే ఖాళీ గళ్లు చూపించలేం. నాలుగు దశల చిన్న పని, షరతులన్నీ ఒకే పేజీలో ఉంటే అదే చాలు కూడా. మిగతా చోట్ల నా ఓటు షరతుల పట్టికకే. క్లాజు నంబరు, షరతు, ఏ కాగితం రావాలి, ఎవరు సంతకం పెట్టాలి, గడువు ఏ రోజు నుంచి అన్నవి దాని నిలువు వరుసలు. అంచనా తేదీని పక్కన వేరే రంగులో పెట్టి, చెల్లింపు మాత్రం కాగితం వచ్చాకే వెళ్లేలా చూడాలి. షరతు మాటలను మీ మాటల్లోకి మార్చకుండా ఉన్నదున్నట్టు దించండి. "పూర్తి" అని కుదించి రాసిన చోట "ఇంజినీరు సంతృప్తి మేరకు పూర్తి" అని ఉందేమోనని ఆర్నెల్ల తర్వాత మళ్లీ వెతుక్కోవాల్సి వస్తుంది.